చెట్టు మనది, పులుసులోకి అంగడి దిమ్మా?

పోస్టు పొడుగే. చెట్టు గుత్తకి ఇచ్చేముందు ఒక్కసారి పూర్తిగా చదవండి, ఆమీద మీ ఇష్టం.

మన పక్క ఊర్లలో ఏ గట్టు మీద చూసినా ఒక చింతచెట్టు ఉంటాది. ఏ ఇంట్లోకి పోయినా పొయ్యి పక్కన ప్లాస్టిక్ కవర్లో కట్టిన అంగడి చింతపండు దిమ్మ ఉంటాది. కాయ పిందె మీద ఉండగానే చెట్టును గుత్తకి ఇచ్చేస్తాం. అదే కాయ హిందూపురమో పుంగనూరో పోయి, గింజ తీసో తీయకో, నొక్కి కట్టి, కవర్లో పడి మళ్లీ మన ఊరి అంగడికే వస్తాది. దాన్ని మనమే కొంటాం. ఇదేం సేద్యమప్పా అని అడిగితే మూడు జవాబులు చెప్తారు. ఒకటి, దిమ్మ చవక, కాయ కొట్టి గింజ తీసే కూలి ఎవరిస్తారు. రెండు, చింతపండంతా ఒకటే, నానబెడితే పులుపు వస్తాది కదా. మూడు, అంత కావాలంటే కాయల్నే మూటగట్టి ఇంట్లో పడేస్తే పోలా, పెంకు ఉంది కాబట్టి ఏమీ కాదు. ఈ మూడూ తప్పే. అందులో మూడోది చెనక్కాయ విత్తనానికి కూడా చేటు.

ముందు చవక సంగతి చూద్దాం.

అంగడి దిమ్మ కిలో 160 రూపాయలు అనుకోండి. మీ ఊర్లో పదో ఇరవయ్యో అటూ ఇటూ ఉండొచ్చు, మీ ధర వేసి మీరే లెక్క కట్టుకోండి. మేము ఇంట్లో అరకిలో దిమ్మను, అరకిలో మా చెట్టు పండును పక్కపక్కన పెట్టి చూసినాం. రెండింటికీ ఒకే కొలత గోరువెచ్చని నీళ్లు పోసి, అరగంట నానబెట్టి, మూడు దఫాలు పిసికి జల్లెడ పట్టినాం. జల్లెడలో మిగిలిన పిప్పి తడిగా తూస్తే మోసం, అందులో నీళ్లుంటాయి. అందుకని రెండు రోజులు ఎండబెట్టి తూచినాం. దిమ్మలో గింజలు 55 గ్రాములు వచ్చినాయి. ఈనెలు, పెంకు ముక్కలు కలిపి 60 గ్రాములు. రసం కాసేపు కదలకుండా పెట్టి పైది వంపేస్తే గిన్నె అడుగున ఇసుక, ఆరబెట్టి తూస్తే 5 గ్రాములు. మొత్తం 120 గ్రాములు చెత్త. మా పండులో ఈనెలు, ఎక్కడో మిగిలిన పెంకు కలిపి 40 గ్రాములు. గింజ లేదు, ఇసుక లేదు.

అంటే అరకిలో దిమ్మకి 80 రూపాయలిస్తే పనికొచ్చింది 380 గ్రాములు. కిలో గుజ్జుకు మీరిచ్చిన అసలు ధర 210 రూపాయలు. ఆ 380 గ్రాముల్లో కూడా కలిపిన ఉప్పు ఎంతో, తడి ఎంతో మనకు తెలీదు. ఉప్పు కలపడం తప్పని నేననను, ఇంట్లో మనమూ కలుపుతాం. కానీ రాళ్లుప్పును చింతపండు ధరకు కొనేవాణ్ణి ఏమనాలి?

ఇప్పుడు మన కాయ లెక్క. ఎండిన కాయలో గుజ్జు 55 పాళ్లు, గింజ 34, పెంకూ ఈనెలూ 11 అని పుస్తకాల్లో రాస్తారు. అది మంచి కండగల కాయకు. మన గట్టు చెట్లకు, నీళ్లు చూడని చెట్లకు అంత రాదు. 45 అని తక్కువగానే వేసుకుందాం. కాయ కిలో 40 రూపాయలైతే, కిలో గుజ్జుకు కాయ ఖర్చు 89 రూపాయలు. పెంకు తీసి, ఈనె లాగి, గింజ తీసే కూలి కిలో గుజ్జుకు 25 వేసుకుందాం. 114 అయింది. అందులో 40 గ్రాముల పిప్పి తరుగు తీస్తే కిలో అసలు గుజ్జు 124 రూపాయలు పడింది. కూలి మొత్తం కట్టిచ్చినా ఇది 124, అది 210. "చవక" అన్నది ఏది?

ఐదారు మంది ఉన్న ఇంట్లో నెలకు కిలో చింతపండు సులువుగా పోతాది. ఏడాదికి 12 కిలోలు. కిలోకు 86 రూపాయల తేడా అంటే ఏడాదికి వెయ్యి రూపాయల పైమాటే. వెయ్యితో మేడ కట్టలేం, నాకూ తెలుసు. కానీ చెట్టు మన గట్టు మీదే ఉండి, మన నీళ్లే తాగి, ఆ వెయ్యి ఎందుకు కట్టాలి అన్నదే నా ప్రశ్న.

ఇక్కడ ఒక మాట. దిమ్మను నేను తిట్టడం లేదు. నొక్కి దాచడమే చింతపండును దాచే సరైన పద్ధతి. మన అవ్వలు జాడీలో రోకలి పెట్టి కుక్కింది కూడా దిమ్మే. నొక్కితే గాలి ఆడదు, తేమ లోపలికి పోదు, పురుగుకు సందు దొరకదు, చోటు కూడా తక్కువ. చిక్కు ఎక్కడంటే, కాయను చూస్తే దాని గుణం తెలుస్తాది, నొక్కిన దిమ్మను చూస్తే తెలీదు. పోయినేటి పండు, ఈ ఏటి పండు కలిపి నొక్కినా, గింజ తీయనిది నడిమధ్యన పెట్టి పైన మంచిది పరిచినా, వానకు తడిసింది కలిపినా బయటికి ఒకే రంగు ఒకే మెరుపు. కాబట్టి నా పోరు నొక్కడం మీద కాదు, మన కళ్ల ముందు నొక్కనిదాన్ని కొనడం మీద.

అయినా కొనక తప్పనివాళ్లు ఉంటారు, చెట్టు లేనివాళ్లు ఉంటారు. వాళ్లు దిమ్మను ఇట్లా చూసుకోండి. బొటనవేలితో గట్టిగా నొక్కండి. మంచి దిమ్మ కొంచెం లోపలికి పోయి, వేలికి జిగటగా అంటుకుంటాది. వేలు తడిగా అయితే తేమ ఎక్కువ, రెండు నెలలు దాటితే పులిసిన వాసన వస్తాది. రాయిలా అసలు దిగకపోతే బాగా పాతది. అంచు నుంచి చిన్న ముక్క విరిచి, వేళ్ల మధ్య నలిపి నోట్లో వేసుకోండి. ముందు పులుపు తగలాల, ఉప్పు కాదు. పళ్ల కింద కరకర అంటే ఇసుక. అంగడాయన ఒప్పుకుంటే దిమ్మను అడ్డంగా ఒక్క కోత కోయించండి. కోసినచోట గింజలు తెల్లగా తెగి కనపడితే ధర దింపమని అడగండి. రంగు సంగతికొస్తే, కొత్త పండు ఎర్రని గోధుమ రంగులో ఉంటాది. నాళ్లు గడిచేకొద్దీ, ఎండా ఉక్కా తగిలేకొద్దీ నల్లబడతాది. నల్లబడినంత మాత్రాన చెడిపోయినట్టు కాదు, పాత చింతపండును కావాలని వాడేవాళ్లూ ఉన్నారు. కానీ పాతదానికి కొత్త ధర ఇవ్వద్దు.

ఇక రెండో మాట, నానబెడితే అంతా ఒకటే అన్నది.

ఒకటే కాదు. దిమ్మ నుంచి గుజ్జు తీయడం ఒక తీరు, కాయ నుంచి తీయడం ఇంకో తీరు. రెంటికీ ఒకే పద్ధతి వాడితే రెండూ పాడవుతాయి.

దిమ్మను ముద్దగా నీళ్లలో వేస్తే పైపొర కరిగిపోతాది, నడుమ గట్టిగానే ఉంటాది. అప్పుడు ఇంట్లోవాళ్లు తొందరపడి మరిగే నీళ్లు పోస్తారు, లేదా రాత్రంతా నానేస్తారు. గింజలేని మంచి దిమ్మకు దానివల్ల పెద్ద నష్టం లేదు. గింజ, పెంకు ఉన్న దిమ్మకు మాత్రం అదే చేటు. చింతగింజ పైన ఎర్రటి పొట్టు ఉంటాది కదా, దాంట్లో వగరు ఉంటాది. వేడికి, ఎక్కువసేపు నానడానికి ఆ వగరు నీళ్లలోకి దిగుతాది. పులుసు ఎర్రగా కాకుండా మట్టి రంగుకు తిరిగి, నాలుక పట్టేస్తాది. "ఈసారి చింతపండు బాగాలేదు, బెల్లం ఇంకొంచెం వెయ్" అని వంటింట్లో వినపడిందంటే చాలాసార్లు తప్పు పండుది కాదు, గింజతో పాటు మరిగించిన నీళ్లది.

కాబట్టి దిమ్మను ముందు చేత్తో పొరలు పొరలుగా విడదీయండి, అందిన గింజలన్నీ అప్పుడే ఏరేయండి. ఒక పాలు పండుకు రెండు పాళ్లు గోరువెచ్చని నీళ్లు. చెయ్యి పెడితే హాయిగా ఉండేంత వేడి చాలు. అరగంట నానాక పిసికి వడగట్టండి. మిగిలిన పిప్పికి ఇంకో పాలు నీళ్లు పోసి మళ్లీ పిసకండి. మొదటి రసం చిక్కగా పచ్చడికీ పులిహోరకీ, రెండోది చారుకు. తీసిన రసాన్ని అయిదు నిమిషాలు కదపకుండా పెట్టి, పైది వంపుకొని అడుగు పారబోయండి. ఇసుక ఉంటే అక్కడే తేలిపోతాది. ఉప్పు కలిపిన దిమ్మ అయితే కూరలో ఉప్పు వేసేముందు రసం రుచి చూడండి.

కాయ అయితే పని ముందే ఉంటాది, నానబెట్టేటప్పుడు తేలిక. పెంకుతో ఎప్పుడూ నానబెట్టొద్దు. బాగా ఎండిన కాయను రెండు వేళ్ల మధ్య నొక్కితే పెంకు పెళపెళ ఊడిపోతాది. తొడిమ దగ్గర పట్టుకుంటే ఈనెలు మొదలు కనపడతాయి, తొడిమతో పాటు కొనదాకా లాగితే చాలామటుకు ఒక్క లాగుడులో వచ్చేస్తాయి. తర్వాత కడుపు చీల్చి గింజలు తీయాల. ఇట్లా తీసిన పండుకు పదిహేను నిమిషాలు నానితే చాలు. కొత్త పండు ఇంకా త్వరగా కరిగిపోతాది. గింజ పొట్టు నీళ్లకు తగలదు కాబట్టి వగరు ఉండదు, రంగు ఎర్రగా వస్తాది. ఒక్కసారి ఈ రెండు రసాలూ రెండు తెల్ల గిన్నెల్లో పోసి పక్కపక్కన పెట్టండి. ఆమీద నాతో వాదనకు రండి.

ఒక తేడా మాత్రం ఒప్పుకోవాల. ఇరవై మంది కూలీలకు ఒక్కసారిగా పులుసు పెట్టేరోజు కాయలు ఒలుచుకుంటూ కూర్చోలేం. దిమ్మ అయితే విరిచి వేసేయొచ్చు. అందుకే నేననేది, కాయను ఏడాదంతా కాయగా పెట్టుకోమని కాదు, కాలం ఉన్నప్పుడే ఒలిచి, మన దిమ్మను మనమే కట్టుకోమని. ఇది చెప్తే మూడో మాట ఎదురొస్తాది, ఒలవడమెందుకు, కాయలనే మూటగట్టి పడేస్తే పెంకే కాపాడతాది కదా అని.

పెంకు కాపాడదు. అనంతపురం, శ్రీసత్యసాయి, చిత్తూరు పక్క చెనక్కాయ వేసే ప్రతి రైతూ ఇది గట్టిగా గుర్తు పెట్టుకోవాల.

చింతకాయలో పడే పుచ్చుపురుగు, మన ఇంట్లో చెనక్కాయలో పడే పుచ్చుపురుగు ఒకటే. శాస్త్రం చదివినవాళ్లు దాన్ని కారియెడాన్ సెర్రేటస్ అంటారు. గోధుమ రంగులో ఉండే చిన్న పెంకుపురుగు. చింతచెట్టు దానికి పుట్టిల్లు లాంటిది. కాయ చెట్టు మీద పండేటప్పుడే వచ్చి పెంకు మీద, పెంకు పగుళ్లలో గుడ్లు పెడతాది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల తిన్నగా లోపలికి తొలుచుకొని గింజలోకి పోతాది. గింజను తిని పెరిగి, గుండ్రని రంధ్రం చేసుకొని బయటికి వచ్చి, పల్చటి తెల్ల కాగితం లాంటి గూడు కట్టుకొంటాది. మన ఎండాకాలపు వేడికి నెలన్నర రెండు నెలల్లో ఒక తరం పూర్తవుతాది. పెంకు పగలని చెనక్కాయ బుడ్డను కూడా తొలిచి లోపలి పప్పును తినగలిగే పురుగు ఇది.

ఇప్పుడు మన ఇళ్లు చూడండి. మార్చిలో చింతకాయ దులిపి గోతాల్లో కట్టి ఎక్కడ పెడతాం? చెనక్కాయ విత్తన మూటలు ఉన్న గదిలోనే. విత్తనం జూన్, జూలైలో వాన పడేదాకా అక్కడే ఉంటాది. మార్చిలో కాయతో పాటు వచ్చిన గుడ్లు మే నాటికి పురుగులై గాల్లోకి లేస్తాయి. పక్కనే చెనక్కాయ మూట. జూన్‌లో విత్తనం ఒలిచేటప్పుడు పుచ్చు కనపడితే విత్తనం అమ్మినోణ్ణి తిడతాం, వాతావరణాన్ని తిడతాం. ఆ మూలనున్న చింతకాయ గోతాన్ని ఎవరూ చూడరు. చెనక్కాయ విత్తనం ధర ఇప్పుడెంతో మీకు చెప్పక్కర్లేదు. పదిరూపాయల చింతకాయను బద్ధకంతో పెంకుతో ఉంచి, వేల రూపాయల విత్తనానికి పుచ్చు అంటించుకోవడం తెలివైన పనేనా?

గోతంలో పురుగు ఉందో లేదో ఇట్లా తెలుసుకోండి. కాయలను తెల్లటి గుడ్డ మీద పోసి చూడండి. పెంకు మీద అగ్గిపుల్ల తల అంత గుండ్రని రంధ్రాలున్నాయా, తెల్లటి గూళ్లు అంటుకొని ఉన్నాయా, పిండిలాంటి పొడి రాలుతోందా. ఏది కనపడినా ఆ గోతం ఆ రోజే ఇంట్లోంచి బయటికి పోవాల. రంధ్రం ఉన్న కాయను ఒలిచి చూస్తే గింజ డొల్ల, గుజ్జులో పురుగు విసర్జన కలిసి ఉంటాది. ఆ గుజ్జును కడిగి వాడుకుందాం అనుకోవద్దు.

పురుగుకు కావలసింది గింజ. గింజ తీసేస్తే దానికి మన ఇంట్లో పనిలేదు. అందుకే నేను పదేపదే చెప్పేది, కాయ దాచుకునే సరుకు కాదు, గింజ తీసిన పండే దాచుకునే సరుకు. తీసిన గింజలను కూడా వసారాలో కుప్ప పోయొద్దు. గింజలు కొనేవాళ్లు ఉన్నారు, గంజిపొడికీ జిగురుకూ వాడతారు. వారం లోపల అమ్మండి, లేదంటే కాల్చేయండి.

ఇక ఎట్లా చేయాలో వరసగా చెప్తా.

కాయ ఎంపిక చెట్టు కిందే జరగాల. పండిన కాయ పెంకు గుజ్జుకు దూరం జరిగి ఉంటాది. వేలితో తట్టితే డొల్ల చప్పుడు, ఊపితే లోపల పండు కదిలినట్టు తెలుస్తాది. పెంకు గీకితే పచ్చ కనపడితే అది దోరది, దాన్ని పచ్చడికి తీసుకోండి గానీ నిల్వకు వద్దు. దోర కాయలు రెండు మూడు కలిసినా వాటి నీరు మిగతా పండుకు పడుతాది. వానకు తడిసి పెంకు పగిలిన కాయ, కోతి కొరికిన కాయ, రంధ్రం పడిన కాయ పక్కకు తీసేయండి. కండ ఎక్కువ ఉన్న లావుపాటి కాయను ఇంటికి, పలచటి కాయను మార్కెట్‌కు పెట్టుకోండి. మనం ఎప్పుడూ తిరగేసి చేస్తాం.

ఏరిన కాయను పట్ట మీద పోసి రెండు మూడు రోజులు ఎండబెట్టండి. నేల మీద వద్దు, ఇసుక అక్కడే అంటుకొంటాది. రాత్రి మంచు పడకుండా కప్పండి. పెంకు పెళుసెక్కాక ఒలిచి, ఈనె లాగి, గింజ తీయండి. తీసిన పండును మళ్లీ రెండు రోజులు ఎండనివ్వండి. ఎంత ఎండాలి అన్నదానికి చెయ్యే కొలత. పిడికెడు పండు గట్టిగా పిసికి వదలండి. ఉండగా నిలబడాల, అరచేయి తడి కాకూడదు. అరచేతికి రసం అంటితే ఇంకో ఎండ కావాల. ఉండ కట్టకుండా తోలు ముక్కల్లా విడిపోతే ఎక్కువ ఎండింది, అది నానడానికి గంట తీసుకుంటాది. దాన్ని మెత్తటి పండుతో కలిపి నొక్కండి.

ఉప్పు కలపాలంటే పాతకాలపు లెక్క పది కిలోల పండుకు కిలో రాళ్లుప్పు. ఉప్పును ముందు ఎండలో పెట్టి, తడి పోగొట్టి, దంచి కలపండి. తడి ఉప్పు కలిపితే వానాకాలం జాడీ చెమట పడుతాది, పైపొర నీరు కక్కుతాది. తర్వాత జాడీలో కొంచెం కొంచెంగా వేస్తూ రోకలితో సందు లేకుండా కుక్కండి. పింగాణీ జాడీ, గాజు సీసా, లోపల నున్నగా ఉన్న మట్టికుండ, ఏదైనా మంచిదే. అల్యూమినియం, ఇనుము, రాగి, ఇత్తడి పాత్రలు వద్దేవద్దు. చింతపండు పులుపు లోహాన్ని తింటాది, ఆ లోహం మన కడుపులోకి వస్తాది. పైన ఒక వేలెడు మందాన ఉప్పు పరిచి, గుడ్డ కట్టి మూత బిగించండి. నెలకు సరిపడా చిన్న సీసాలోకి తీసుకొని పెద్ద జాడీ కదపకుండా ఉంచండి. రోజూ తడిచెయ్యి పడే జాడీ ఏడాది నిలవదు.

చెడిపోతే ఎట్లా తెలుస్తాది? పైన తెల్లగా గట్టిగా పలుకుల్లా కనపడితే అది ఉప్పు, భయం లేదు. దూదిలాగా మెత్తగా, తెల్లగానో పచ్చగానో పట్టితే బూజు, ఆ పండు వాడొద్దు. కల్లు వాసన వస్తే తేమ ఉండి పులిసింది. సన్నటి దారాలతో గూడులాగా అల్లుకొని, ఆ దారాల్లో ఇసుక రవ్వల్లాంటివి ఉంటే రెక్కపురుగు పిల్ల పడినట్టు, మూత వదులుగా ఉండిందని అర్థం.

ఇదంతా చదివాక కూడా ఒకాయన అంటాడు, "చెట్టెక్కేవాడు ఎవడుండాడప్పా?" అని. ఆ మాట నిజం. చింతచెట్టు మీంచి పడి నడుములు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఊర్లో ఉన్నారు. అలవాటు లేనోడు ఎక్కకూడదు, కొడుకును ఎక్కించకూడదు. గుత్తకి ఇవ్వడం తప్పని నేను అననే అనను. గుత్తదారు మనుషుల్ని తెస్తాడు, ఎక్కిస్తాడు, దులిపిస్తాడు, మోస్తాడు, కాపు తక్కువైతే నష్టం ఆయనదే. దానికి ఆయన లాభం ఆయనకు ఉండాల్సిందే.

నేను అడిగేది ఒక్కటే. గుత్త మాట్లాడేరోజు నోటితో ఇంకో మాట చెప్పండి. "డబ్బు ఇంత, దాంతో పాటు నా ఇంటికి నేను ఏరుకున్న కాయ 30 కిలోలు." ఎందుకు 30 అంటే, ఏడాదికి 12 కిలోల అసలు గుజ్జు కావాల, 45 పాళ్ల లెక్కన 30 కిలోల కాయలో 13న్నర కిలోల పండు వస్తాది, పిప్పి తరుగు పోతే 12 పైచిలుకు నిలుస్తాది. సరిగ్గా ఒక ఇంటికి ఒక ఏడాది. గుత్తదారు దానికి 1,200 రూపాయలు తగ్గిస్తానంటాడు. తగ్గించుకోనివ్వండి. ఒలిచే కూలి ఇంకో 340. మొత్తం 1,540. అదే 12 కిలోల గుజ్జుకు సరిపడా దిమ్మ కొంటే 2,500 దాటుతాది. ఇందులో ఎక్కడా మీరు చెట్టు ఎక్కలేదు. "ఏరుకున్న" అన్న మాట మాత్రం మరవద్దు, లేకుంటే గుట్ట అడుగున మిగిలింది ఎత్తి పోస్తాడు. దులిపేరోజు ఇంట్లోంచి ఒక మనిషి తట్ట పట్టుకొని అక్కడే నిలబడాల.

30 కిలోలు ఒలవడానికి ఇంటి మనుషులు నలుగురు మూడు నాలుగు సాయంత్రాలు కూర్చుంటే సరిపోతాది. అందులో మగవాళ్లు కూడా కూర్చోవాల. గింజ తీసే పని ఆడవాళ్లదే అని రాసిపెట్టిన శాసనం ఏదీ లేదు. మన ఇళ్లలో ఆ పని మానేయడానికి అసలు కారణం కూలి కాదు, ఆ పని అంతా ఒక్కరి నెత్తిన వేసి, వాళ్లు ఇక చేయలేమంటే "దిమ్మ తెచ్చుకుందాం లే" అనేసినాం.

ఇంకో మాట, ఎక్కువ చెట్లున్నవాళ్లకి. హిందూపురం యార్డులో చింతపండును ఒకే పేరుతో అమ్మరు. కరిపులి ఒక ధర, ఫ్లవర్ ఇంకో ధర. పేపర్లో వేస్తారు, కరిపులిదే పైచెయ్యి. సరుకు ఏరి, శుభ్రంగా తీసి, రంగు పోకుండా పెట్టినోడికి ధర, అంతా కలిపి గోతంలో కుక్కినోడికి మిగిలింది. వ్యాపారి మన కాయలోంచి మంచిదీ చెడ్డదీ వేరు చేసి సంపాదిస్తాడు. వేరు చేసే ఆ పని కనీసం మన ఇంటి కుండ కోసమైనా మనం చేసుకోలేమా?

కాబట్టి చెట్టు కిందికి గుత్తదారు వచ్చినప్పుడు డబ్బు మాటతో పాటు 30 కిలోల మాట కూడా పెట్టండి. చెనక్కాయ గదిలో చింతకాయ గోతం ఉంటే ఈ పూటే బయట పెట్టండి. అంగడి దిమ్మే మేలు అనేవాళ్లు అరకిలో తెచ్చి, నేను చెప్పినట్టు పిప్పి ఎండబెట్టి తూచి, వచ్చిన లెక్క కింద కామెంట్లో పెట్టండి. ఎవరి దిమ్మలోనైనా 500 గ్రాములకు 460 గ్రాములు గుజ్జు వస్తే ఆ అంగడి ఏ ఊర్లో ఉందో చెప్పండి, నేనే వచ్చి కొంటా.